గ్లాసులో కలిపిన ఓఆర్ఎస్: ఆసుపత్రి కరపత్రానికి ఏఐ బొమ్మ పనికొస్తుందో లేదో చూడటం ఎలా?

ప్రశ్న: మాది వంద పడకల ఆసుపత్రి. వానాకాలం వస్తోందని పిల్లల నీళ్ల విరేచనాల మీద కరపత్రం వేస్తున్నాం. ఏఐ టూల్‌తో బొమ్మ చేయించాను. తల్లి ఓఆర్ఎస్ కలుపుతుంటే పక్కన డాక్టరుగారు నిలబడి చెబుతున్నట్టు ఉంటుంది. సూపరింటెండెంటుగారికి నచ్చింది. వేళ్లు కూడా లెక్కపెట్టాను, ఐదే ఉన్నాయి. అయినా ప్రెస్సుకు ఇవ్వాలంటే భయంగా ఉంది. ఏమేం చూసుకోవాలి? రేపు ఎవరైనా హక్కుల మాట ఎత్తితే ఏం చెప్పాలి? బొమ్మ జతచేశాను, చూసి చెప్పగలరు.

సమాధానం: వేళ్లు లెక్కపెట్టడం మంచిదే. కానీ ఆరో వేలు ఉన్నా దానివల్ల ఏ పిల్లవాడికీ ప్రమాదం లేదు, చూసినవాళ్లు నవ్వుకుని వదిలేస్తారు. మీ బొమ్మలో ప్రమాదం తెచ్చేది గ్లాసు. తల్లి చేతిలో అరచేయంత ప్యాకెట్టు ఉంది. దాన్ని మామూలు స్టీలు గ్లాసులో వంపుతోంది. బొమ్మ ముచ్చటగా ఉంది, గ్లాసు మెరుపు కూడా బాగా వచ్చింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

మన దగ్గర ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు రకాలుగా దొరుకుతాయి. పెద్దది సుమారు 21 గ్రాములు, లీటరు నీళ్లకు సరిపోతుంది. చిన్నది నాలుగు గ్రాముల పైచిలుకు, 200 మిల్లీలీటర్లకు, అంటే ఒక గ్లాసుకు. పెద్ద ప్యాకెట్టును గ్లాసు నీళ్లలో కలిపితే ద్రావణం ఐదు రెట్లు చిక్కనవుతుంది. సరిగ్గా కలిపిన ఓఆర్ఎస్‌లో లీటరుకు 75 మిల్లీమోల్స్ సోడియం ఉండాలి, ఇందులో 375 ఉంటుంది. మనిషి రక్తంలో ఉండేది 140 దరిదాపుల్లో. అసలే నీరు పోయి నీరసించిన పసివాడికి ఇది పట్టిస్తే దాహం తీరకపోగా రక్తంలో ఉప్పు పెరుగుతుంది, ఫిట్స్ దాకా వెళ్లవచ్చు. కరపత్రంలో కింద ‘లీటరు నీళ్లలో కలపండి’ అని రాశాం కదా అంటారేమో. చదవడం రాని తల్లికి ఆ అక్షరాలు కనబడవు, గ్లాసు కనబడుతుంది. చదువుకున్నవాళ్లు కూడా అర్ధరాత్రి బిడ్డ ఏడుస్తుంటే బొమ్మే చూస్తారు.

ఇలా ఎందుకు వస్తుందంటే, బొమ్మలు తయారుచేసే టూలుకు మోతాదు తెలియదు. ‘ఏదో పొడి, నీళ్లు, తల్లి’ అన్న మాటలతో పాటు ఎక్కువగా కనబడే దృశ్యాన్ని అల్లి ఇస్తుంది. పొడి కలిపే బొమ్మల్లో మామూలుగా కనబడేది గ్లాసే కాబట్టి గ్లాసు వచ్చింది. కాబట్టి ‘నిజంలా ఉందా’ అని చూస్తే లాభం లేదు. నిజంలా కనబడేట్టు చేయడమే దాని పని. ‘ఈ బొమ్మలో ఉన్నది ఉన్నట్టు ఇంట్లో చేస్తే ఏమవుతుంది’ అని చూడాలి.

బొమ్మ తెరవకముందే రాసుకోవాల్సింది

ముందు బొమ్మ చూసి తర్వాత తప్పులు వెతికితే కంటికి తప్పులు దొరకవు. నచ్చిన బొమ్మకు మనసే వకాల్తా పుచ్చుకుంటుంది. అందుకని బొమ్మ మూసేసి, కరపత్రంలోని మాటల నుంచి మాత్రమే, బొమ్మలో కచ్చితంగా కనబడాల్సినవి, కనబడకూడనివి ఒక కాగితం మీద రాయండి. పిల్లల డాక్టరు చేత దాని మీద సంతకం పెట్టించండి. మీ కరపత్రానికైతే ఆ కాగితం ఇలా ఉంటుంది:

- మన ఫార్మసీ కౌంటరులో ఇచ్చే ప్యాకెట్టు ఏ కొలతదో, బొమ్మలోని నీళ్లు ఆ కొలతకు సరిపోవాలి. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి పడాలి.
- కలిపేది మంచినీళ్లలోనే. పాలు, పళ్లరసం, కూల్‌డ్రింకు దరిదాపుల్లో ఉండకూడదు.
- చేతులు కడుక్కున్నట్టు తెలియాలి. సబ్బు కనబడితే చాలు.
- పిల్లవాడికి చెంచాతోనో కప్పుతోనో పట్టాలి. పాలసీసా ఎక్కడా ఉండకూడదు.
- కలిపిన గిన్నె మీద మూత ఉండాలి, లేదా పక్కన కనబడాలి.
- అక్షరం, అంకె, బ్రాండు, చిహ్నం ఏదీ బొమ్మలో ఉండకూడదు.

ఈ కాగితం పట్టుకుని ఇద్దరు విడివిడిగా బొమ్మను చూడాలి. ఒకరు డాక్టరు. రెండోవారు పిల్లల వార్డులో రోజూ ఓఆర్ఎస్ కలిపే సిస్టరు అయితే మంచిది, ఎందుకంటే చేత్తో చేసేవాళ్లకు చేతి తప్పు ఇట్టే దొరుకుతుంది. టూలులో మీరు ఏం టైపు చేశారో వీళ్లకు చెప్పకండి. చెబితే మీరు అడిగినదే వాళ్లకూ కనబడుతుంది.

మీ బొమ్మను ఈ కాగితంతో పోల్చి చూశాం. గ్లాసు సంగతి చెప్పాం కదా. మీ ఫార్మసీ లీటరు ప్యాకెట్లు ఇస్తుంటే బొమ్మలో లీటరు కొలత కనబడాలి. చెంబు పెడదామంటారేమో, వద్దు. ఒక ఇంటి చెంబు అర లీటరు, ఇంకో ఇంటిది లీటరున్నర. ఇప్పుడు పల్లెల్లో కూడా అందరికీ తెలిసిన లీటరు కొలత ఖాళీ మంచినీళ్ల సీసా. లేబులు లేని లీటరు సీసా నుంచి శుభ్రమైన గిన్నెలోకి నీళ్లు మొత్తం వంపుతున్నట్టు, పక్కన ఒక్కటే ప్యాకెట్టు ఉన్నట్టు వేయించండి. మీరు చిన్న ప్యాకెట్లు ఇస్తుంటే గ్లాసే సరైనది. అప్పుడు ప్యాకెట్టు చిన్నదిగా కనబడాలి. మధ్యలో సరఫరా మారి పెద్ద ప్యాకెట్లు వస్తే మాత్రం ఆ కరపత్రాలు పంచడం ఆపేయాలి. స్టోరు ఫార్మసిస్టుకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

రెండోది, తల్లి మోకాలి పక్కన పాలసీసా. మీరు అడగలేదు, పిల్లవాడు ఉన్నాడు కదా అని టూలే పెట్టింది. విరేచనాల కరపత్రంలో పాలసీసా ఉండటం అంటే రోగం తెచ్చేదాన్ని మందు పక్కన కూర్చోబెట్టడమే. ఆ పీకను, సీసా మెడను శుభ్రంగా కడగడం చాలా కష్టం. పైగా పాలసీసాలకు, డబ్బాపాలకు ప్రచారం చేయడాన్ని 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం నిషేధించింది. మీది ప్రకటన కాదు, నిజమే. కానీ ఆసుపత్రి ముద్ర ఉన్న కాగితంలో ఆ సీసా కనబడితే ‘డాక్టర్లే చూపిస్తున్నారు’ అన్న అర్థం వస్తుంది. ‘కప్పు, చెంచా’ అని అడిగినా సీసా మళ్లీ రావచ్చు. ప్రతి కొత్త బొమ్మలోనూ నాలుగు మూలలా వెతకండి.

మూడోది, ప్యాకెట్టు వెనక ఉన్న చిన్న అట్టడబ్బా, దానికి స్ట్రా. ఇది మామూలు చూపుకు ఆనదు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, తీపి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన విషయం అది. అట్టడబ్బా పానీయాల్లో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. అవి తాగిస్తే విరేచనాలు ఇంకా పెరగవచ్చు. ఆ ఆదేశానికి ముందు ఇంటర్నెట్టులో పేరుకుపోయిన బొమ్మల్లో మాత్రం ఓఆర్ఎస్ అంటే అట్టడబ్బా కూడా ఉంది. బొమ్మల టూళ్లు నేర్చుకున్నది పాత బొమ్మల నుంచి. నిన్న మారిన వైద్య సలహా వాటిలో ఉండదు. ఓఆర్ఎస్ ఒక్కటే కాదు, ఏ కరపత్రం బొమ్మ చూసినా ‘ఈ మధ్య ఇందులో ఏ సలహా మారింది?’ అని డాక్టరును ఒక్క ప్రశ్న అడగండి.

నాలుగోది, పిల్లవాడి ముఖం. బూరెబుగ్గలతో కిలకిల నవ్వుతున్నాడు. కోలుకున్న పిల్లవాడైతే సరే. కానీ కరపత్రం వెనక పేజీలో ‘ప్రమాద లక్షణాలు’ పక్కన కూడా ఇదే టూలుతో చేసిన మరో బొమ్మ పెట్టారు. ‘లోతుకు పోయిన కళ్లు’ అని అడిగితే అది కళ్ల కింద నల్లటి వలయాలు వేసింది. నిద్రలేని పిల్లవాడిలా ఉన్నాడు గానీ నీరు పోయిన పిల్లవాడిలా లేడు. పొట్ట మీద చర్మం పట్టి వదిలే పరీక్ష బొమ్మలోనైతే చెయ్యి చెంప గిల్లుతోంది. దీని మీద మా మాట ఖచ్చితం: రోగ లక్షణాన్ని గుర్తుపట్టమని చెప్పే చోట ఏఐ బొమ్మ వాడకండి. కామెర్ల పచ్చదనం, దద్దుర్లు, కళ్లు లోతుకు పోవడం, ఇవన్నీ ఏ మాత్రం తేడా వచ్చినా అర్థం మారిపోయేవి. చిత్రకారుడి చేత గీత బొమ్మ వేయించండి, లేదా రాతపూర్వక అనుమతి ఉన్న క్లినికల్ ఫొటో వాడండి. చేసి చూపించే పనులకు ఏఐ బొమ్మ వాడితే సర్దుకోవచ్చు, లక్షణాలకు మాత్రం కుదరదు.

ఇక ప్యాకెట్టు మీద అక్షరాలు. ఇంగ్లీషులో ‘ఓ’ తర్వాత ఏదో పురుగులాంటిది ఉంది. గోడ మీద తెలుగు బోర్డు అనుకుని గీసినదాంట్లో ఒత్తులు ఎక్కడివక్కడ ఊడిపడ్డాయి. ఇలాంటివి పెద్ద పత్రికల్లోనూ జారిపోయాయి. 2024 ఫిబ్రవరిలో ఒక అంతర్జాతీయ శాస్త్ర పత్రిక ఏఐతో గీయించిన ఎలుక బొమ్మను అర్థంలేని అక్షరాలతో సహా అచ్చేసి, కొద్ది రోజుల్లోనే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. అక్షరాలు సరిచేయించడానికి టూలుతో కుస్తీ పడకండి. ఖాళీ ప్యాకెట్టు, ఖాళీ గోడ అడగండి. కావలసిన మాటలు మీ డీటీపీ ఆపరేటరు బొమ్మ మీద టైపు చేస్తాడు. అప్పుడు తర్వాత సవరించడం కూడా తేలిక.

ఓపీలో పది మంది తల్లుల ముందు

డాక్టరూ సిస్టరూ సరే అన్నాక కూడా బొమ్మ పాసైనట్టు కాదు. వాళ్లకు విషయం ముందే తెలుసు. బొమ్మలో లేనిది కూడా పూరించుకుని చూస్తారు. కరపత్రంలో మాటలన్నీ కాగితంతో కప్పేసి, పిల్లల ఓపీలో కూర్చున్న పది మందికి ఒక్కొక్కరికీ విడిగా చూపించండి. తల్లులే అక్కర్లేదు, అమ్మమ్మలకు, తండ్రులకు కూడా చూపించండి. ‘అర్థమైందామ్మా?’ అని మాత్రం అడగకండి. ఆసుపత్రిలో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు, ‘ఆఁ, అర్థమైందండి’. ‘ఈ బొమ్మలో ఆవిడ ఏం చేస్తోందమ్మా? ఇంటికెళ్లాక మీరైతే దీన్ని ఎలా కలుపుతారు?’ అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. వీలైతే ఖాళీ సీసా, గిన్నె, గ్లాసు అన్నీ బల్ల మీద పెట్టి చేసి చూపించమనండి. చేయి ముందు గ్లాసు మీదకు వెళ్తోందా, సీసా మీదకు వెళ్తోందా అన్నది చాలా చెబుతుంది.

మార్కులు ఇలా వేయండి. ‘పాలు కలుపుతోంది’, ‘గ్లూకోజు ఇస్తోంది’ లాంటి అపార్థాలు ఒకరిద్దరి దగ్గర వస్తే బొమ్మ సర్దండి. కొలత తప్పు చెప్పినవారు పదిలో ఒక్కరున్నా ఆ బొమ్మ పక్కన పెట్టేయండి. తొమ్మిది మందికి అర్థమైందని సంతోషపడే విషయం కాదు ఇది.

ఈ పరీక్ష కంప్యూటరు తెర మీద చేయకండి. ప్రెస్సులో అచ్చయ్యే సైజులో ప్రింటు తీసి చేయండి, దానితో పాటు ఆ ప్రింటుకు జిరాక్సు కూడా. మీ రెండు వేల కాపీలు అయిపోయాక ఉప కేంద్రాల్లో ఏఎన్ఎంలు జిరాక్సులే తీస్తారు. రంగుల్లో స్పష్టంగా ఉన్న నీళ్లు నలుపు తెలుపులో మాయమవుతాయి, చామనఛాయ ముఖాలు మసిముద్దలవుతాయి. సైజు సంగతి కూడా చెప్పుకోవాలి. టూళ్లు మామూలుగా ఇచ్చే బొమ్మ 1024 పిక్సెళ్ల వెడల్పు. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి కాబట్టి అది మూడున్నర అంగుళాల లోపే స్పష్టంగా వస్తుంది. మీరు ఐదంగుళాలు వేయాలనుకున్నారు. పెద్దది చేసే సాఫ్ట్‌వేరు వాడవచ్చు గానీ, వాటిలో చాలావరకు లేని వివరాన్ని ఊహించి నింపుతాయి. నునుపుగా ఉన్న చెంచా అంచు పెద్దదయ్యేసరికి పీకలా మారవచ్చు. పెద్దది చేశాక పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

హక్కులు: ఎవరైనా అడిగితే చూపించాల్సిన కాగితాలు

హక్కుల గురించి భయపడేవాళ్లు సాధారణంగా ‘ఈ బొమ్మ ఎవరిది’ అన్న దగ్గరే ఆగిపోతారు. నిజానికి మీ బొమ్మలో చట్టానికి నేరుగా తగిలేది ఇంకొకటి ఉంది: డాక్టరుగారి చేతి సంచి మీద ఎర్ర శిలువ. తెల్లటి నేల మీద ఎర్ర శిలువ వైద్యం గుర్తు కాదు. యుద్ధంలో సైన్యం వైద్య విభాగాలకు, రెడ్‌క్రాస్ ఉద్యమానికి రక్షణగా ఇచ్చిన చిహ్నం. మన దేశంలో 1960 నాటి జెనీవా ఒడంబడికల చట్టం, కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని ఎవరూ వాడకూడదంటోంది. మందుల షాపుల మీద, అంబులెన్సుల మీద ఏళ్లుగా కనబడుతోంది కదా అంటే, అవీ తప్పే. ‘డాక్టరు’ అనగానే టూళ్లు టోపీ మీద, సంచి మీద, గోడ మీద శిలువ అంటించేస్తాయి. చెరిపేయించండి. డాక్టరని తెలియడానికి మెడలో స్టెతస్కోపు చాలు. మూడు సింహాల గుర్తు, డబ్ల్యుహెచ్ఓ చిహ్నం, వాటిని తలపించే గుండ్రటి ముద్రలు కూడా ఇలాగే చొరబడతాయి. వాటికి వేరే చట్టాలున్నాయి. మీ ఆసుపత్రి ముద్రను కూడా టూలు చేత గీయించకండి, అసలు ఫైలు నుంచి డీటీపీలో పెట్టించండి.

తర్వాత టూలు షరతులు. ఉచిత ఖాతాలో చేసిన బొమ్మను వ్యాపారానికి వాడకూడదని కొన్ని టూళ్లు అంటాయి, డబ్బు కట్టిన ఖాతాకు వేరే షరతులు ఉంటాయి. ప్రైవేటు ఆసుపత్రి పేరు, ఫోను నంబరు ఉన్న కరపత్రాన్ని ‘సేవ’ అని మీరనుకున్నా, ‘ప్రచారం’ అని ఇంకొకరు అనవచ్చు. బొమ్మ చేసిన రోజున ఆ షరతుల పేజీ ఎలా ఉందో పీడీఎఫ్‌గా దాచండి, ఎందుకంటే అవి మారుతూ ఉంటాయి. మీ సొంత మెయిలుతో తెరిచిన ఖాతాలో చేశారా, ఆసుపత్రి ఖాతాలో చేశారా అన్నది కూడా రాసిపెట్టండి. షరతులు ఖాతాదారుకే వర్తిస్తాయి కాబట్టి రేపు మీరు బదిలీ అయినా ఆసుపత్రి దగ్గర ఆధారం ఉండాలి. బొమ్మ డీటీపీ షాపువాళ్లు చేసి ఇస్తే బిల్లుతో పాటు ఏ టూలు, ఏ ఖాతా, ఏ రోజు అన్నది రాయించుకోండి.

మూడోది, బొమ్మ దేన్నైనా పోలి ఉందా? గూగుల్ లెన్స్‌లో మొత్తం బొమ్మ ఒకసారి, తల్లి ముఖం ఒకసారి, డాక్టరు ముఖం ఒకసారి విడివిడిగా కత్తిరించి వెతకండి. ఏదైనా సంస్థ పోస్టరుకు అచ్చుగుద్దినట్టు ఉంటే వదిలేయండి. మీ బొమ్మలో డాక్టరుగారి ముఖం చూస్తే, ఇక్కడ దాన్ని చూసిన మా ముగ్గురిలో ఇద్దరికి వెంటనే ఒక సినిమా హీరో గుర్తొచ్చాడు. అనుమతి లేకుండా ప్రసిద్ధుల రూపాన్ని, గొంతును వాడకూడదని ఢిల్లీ హైకోర్టు 2023లో అనిల్ కపూర్ కేసులో ఉత్తర్వు ఇచ్చింది. ఏఐతో చేసిన రూపాలూ అందులోకి వచ్చాయి. ఆసుపత్రి కరపత్రంలో హీరో పోలిక ఉంటే ఆయన మీ ఆసుపత్రిని మెచ్చుకున్నట్టూ ఉంటుంది. ముఖం మార్చేయండి. టూలుకు రాసే సూచనలో ఫలానా చిత్రకారుడి శైలిలో అని బతికున్నవారి పేరు రాయకండి. వేరేవాళ్ల పోస్టరును ఎక్కించి ‘ఇలాంటిదే చెయ్యి’ అని కూడా అనకండి. అలా చేస్తే పోలిక కాకతాళీయం అని చెప్పుకునే అవకాశం ఉండదు.

అసలు తేలిగ్గా జరిగిపోయే తప్పు ఇంకొకటి: వార్డులో ఉన్న పిల్లవాడి ఫొటో ఎక్కించి, ‘దీన్ని బొమ్మలా మార్చు’ అనడం. ముఖం మారింది కదా, ఎవరూ గుర్తుపట్టరు కదా అనిపిస్తుంది. కానీ ఎక్కించిన క్షణంలోనే రోగి ఫొటో ఆసుపత్రి దాటి బయటి సర్వరుకు వెళ్లింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద పిల్లల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ‘ఆపరేషన్ సమ్మతి పత్రంలో సంతకం ఉంది’ అంటే కుదరదు, దేనికి అడిగారో దానికే అది చెల్లుతుంది. మీరు అలా చేయలేదని ఉత్తరంలో తీరు చూస్తే తెలుస్తోంది, మీ తర్వాత ఈ పని చేసేవారికి చెప్పండి.

ఇక బొమ్మ మీదేనా? మన కాపీరైటు చట్టం, కంప్యూటరుతో తయారైన కళాకృతికి దాన్ని తయారుచేయించిన వ్యక్తిని కర్త అంటుంది. ఆ మాట చట్టంలో చేరింది 1994లో. యంత్రమే మొత్తం గీసిన బొమ్మకు అది ఎంతవరకు వర్తిస్తుందన్నది వాదనలోనే ఉంది. ఆచరణలో మీకు దీనివల్ల కలిగే తేడా ఒక్కటే: పక్క ఆసుపత్రివాళ్లు మీ బొమ్మ కాపీ కొడితే ఆపడం కష్టం. విరేచనాల కరపత్రానికి అది నష్టమేమీ కాదు, కొట్టనివ్వండి.

ఎవరిని ఎలా చూపించింది

మీ బొమ్మలో డాక్టరు పురుషుడు, తెల్లగా, నిటారుగా నిలబడి వేలు చూపిస్తున్నాడు. తల్లి నల్లగా, చిరుగు చీరలో, నేల మీద కూర్చుని తలెత్తి చూస్తోంది. వెనక పాక. మీరు టూలుకు రాసిన సూచనలో రంగు గానీ, చిరుగు గానీ, పాక గానీ లేవు. అవన్నీ అది తెచ్చుకున్నవే. అప్పట్లో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన పరిశోధకుడు అర్సెనీ అలెనిచెవ్, ఆయన సహచరులు 2023లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఇలాంటి ప్రయోగమే రాశారు. నల్లజాతి ఆఫ్రికన్ డాక్టర్లు తెల్లజాతి పిల్లలకు వైద్యం చేస్తున్న బొమ్మలు కావాలని మిడ్‌జర్నీ అనే ఏఐ బొమ్మల టూలును మళ్లీ మళ్లీ అడిగితే, రోగులను అది దాదాపు ప్రతిసారీ నల్లజాతి పిల్లలుగానే గీసింది. అంటే విప్పి చెప్పినా మాట వినని సందర్భాలుంటాయి. కాబట్టి ‘నేను పక్షపాతంగా అడగలేదు’ అన్నది సమాధానం కాదు, వచ్చిన బొమ్మను చూడాలి.

చూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది. మనుషులను తారుమారు చేసి ఊహించండి. నిలబడ్డది నల్లని లేడీ డాక్టరు, నేల మీద కూర్చున్నది ఇస్త్రీ చొక్కా వేసుకున్న తెల్లటి తండ్రి. ఇలా ఊహిస్తే బొమ్మ వింతగా అనిపిస్తోందా? అనిపిస్తే మొదటి బొమ్మలో ఎక్కువ తక్కువలు ఉన్నట్టే. ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. చిరుగు చీర, పాక చూసిన అపార్ట్‌మెంటు తల్లి ‘ఇది మాకు కాదు’ అని కరపత్రం మడిచేస్తుంది. నీళ్ల ట్యాంకు కలుషితమైతే విరేచనాలు రెండిళ్లలోనూ వస్తాయి. తండ్రి ఎక్కడా లేడు కాబట్టి, తల్లి కూలికి వెళ్లిన పూట ఇంట్లో ఉన్న తండ్రికి కలపడం రాదు. మతం, కులం తెలిపే గుర్తులు కూడా చూసుకోండి. ఒక్క బొమ్మలో బొట్టు ఉండటం తప్పు కాదు, మన చుట్టూ ఉన్నదే. ఏడాదిలో వేసిన పన్నెండు కరపత్రాల్లోనూ రోగి ఒకే రకం మనిషి, డాక్టరు ఒకే రకం మనిషి అయితేనే తప్పు. అందుకని ఒక్కో బొమ్మను విడిగా తీర్పు చెప్పకుండా ఒక నోటు పుస్తకంలో గళ్లు గీసి, డాక్టరు ఆడా మగా, రోగి ఆడా మగా, ఛాయ, బట్టలు, ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు అని నింపుతూ పోండి. నాలుగైదు కరపత్రాలు అయ్యేసరికి మొగ్గు ఎటు ఉందో గళ్లే చెబుతాయి.

మీ బొమ్మకు మా సలహా: డాక్టరును తీసేయండి. ఓఆర్ఎస్ కలపడానికి డాక్టరు పక్కన ఉండనక్కర్లేదు, ఉంటే ‘డాక్టరు ఉన్నప్పుడే కలపాలి’ అన్న అర్థం కూడా వస్తుంది. తల్లో తండ్రో అరుగు మీద, కంటికి సమాన ఎత్తులో, మామూలు శుభ్రమైన బట్టల్లో, మీ ప్రాంతంలో కనబడే ఇంటి ముందు. మనుషులు తగ్గితే ముఖాల పోలిక, శిలువ, ఎక్కువ తక్కువలు సగం వాటంతటవే పోతాయి. ఇంకా తేలికైన దారి, ముఖాలే లేకుండా చేతులు, సీసా, గిన్నె, ప్యాకెట్టు, చెంచా మాత్రం చూపించడం. నాలుగు చిన్న గళ్లలో నాలుగు పనులు: చేతులు కడగడం, సీసా నీళ్లు మొత్తం గిన్నెలో పోయడం, ప్యాకెట్టు మొత్తం వేసి కలపడం, చెంచాతో పట్టడం. చేతుల ఛాయ మాత్రం మీ ఊరి మనుషులదై ఉండాలి.

సవరించేటప్పుడు

గ్లాసు మార్చమని టూలును అడిగితే గ్లాసు మారుతుంది, దాంతో పాటు తల్లి చేతిలో చెంచా మాయం కావచ్చు, పాలసీసా తిరిగి రావచ్చు. మొత్తం బొమ్మ మళ్లీ గీసే పద్ధతిలో ఏ ఒక్క భాగమూ నిలకడగా ఉండదు. ఒక భాగాన్ని మాత్రం ఎంచుకుని మార్చే వీలు ఉంటే అది వాడండి. అయినా పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి, మీరు ముట్టుకోని భాగాలను ముందు చూడండి. నాలుగైదు సార్లు మార్చినా కొలత సరిగ్గా రాకపోతే వదిలేసి చిత్రకారుడికి అప్పగించండి. నాలుగు గళ్ల గీత బొమ్మ గీయడం వాళ్లకు పెద్ద పని కాదు, మీరు రాసిన ఆ మొదటి కాగితమే వాళ్లకూ సరిపోతుంది.

చివరికి ఏ బొమ్మ తీసుకున్నా దానితో ఒక ఫైలు ఉండాలి: టూలుకు రాసిన సూచన పూర్తి పాఠం, తేదీ, ఖాతా, షరతుల పీడీఎఫ్, లెన్స్‌లో వెతికిన తెర ఫొటోలు, డాక్టరు, సిస్టరు సంతకాలున్న కాగితం, పది మంది చెప్పిన మాటలు. పది మంది పేర్లు రాయనక్కర్లేదు. కరపత్రం చివర చిన్న అక్షరాల్లో ‘ఈ బొమ్మ కంప్యూటరు ఏఐతో తయారైంది, ఇందులోని మనుషులు నిజమైన రోగులు కారు’ అని వేయండి. పక్కనే కరపత్రం వేసిన నెల, సంవత్సరం వేయండి. ఎవరైనా తప్పు చూపిస్తే ఏ ముద్రణ కాపీలు వెనక్కి తెప్పించాలో ఏఎన్ఎంలకు ఫోనులో చెప్పడానికి ఆ తేదీ ఒక్కటే ఆధారం.

ఇప్పుడున్న బొమ్మతో నమూనా కాపీలు ఎవరికైనా ఇచ్చి ఉంటే, ముందు ఆ కాపీలు వెనక్కి తీసుకోండి.